ఎక్కడ కొట్టెయ్యాలి, ఎక్కడ ఉంచాలి: బ్యాక్‌ట్రాకింగ్‌లో ఒక అమ్మాయి కేసు

తిరుపతిలో సాయంత్రం పూట కొంతమందికి మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. వచ్చేవాళ్లలో ఇంజనీరింగ్ ఫైనలియర్ వాళ్లు కొందరు, చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు కొందరు. ఈ కేసులోని అమ్మాయి రెండో రకం. చిత్తూరు వైపు పల్లె. ఇక్కడ హాస్టల్లో ఉండి ప్రిపేర్ అవుతోంది. పేరు, కాలేజీ, ఇంటర్వ్యూ చేసిన కంపెనీ రాయడం లేదు. మిగతా వివరాల్లో కూడా గుర్తుపట్టేవి మార్చాను. కోడ్, లెక్కలు మాత్రం జరిగినవే.

ఆమె వచ్చినప్పుడు

సబ్‌సెట్లు, పర్మ్యుటేషన్లు, కాంబినేషన్లు లాంటి బ్యాక్‌ట్రాకింగ్ ప్రాబ్లమ్స్, అంటే ఒక్కోటి తీసుకుంటూ ముందుకెళ్లి, వెనక్కొచ్చి ఇంకోటి ప్రయత్నించేవి, అన్నీ చేసేసి వచ్చిన మనిషి. ఏ ప్రాబ్లమ్ ఇచ్చినా చూడకుండా రాస్తుంది. అంతకుముందు ఒక ఇంటర్వ్యూలో డూప్లికేట్లున్న సబ్‌సెట్ల ప్రాబ్లమ్ వచ్చింది: లిస్టులో ఒకే అంకె మళ్లీ మళ్లీ ఉన్నా, ఒక్కో సబ్‌సెట్ ఒక్కసారే రావాలి. కోడ్ తప్పు లేకుండా రాసింది. అవతలి మనిషి ఒక్క ప్రశ్న అడిగాడట: "ఇక్కడ `i > start` ఎందుకు? `i > 0` పెడితే ఏమవుతుంది?" ఈమె కాసేపు ఆగి "అలానే ఉండాలి సార్" అంది. ఆ రౌండ్ అక్కడితో సరి.

నా దగ్గరికి వచ్చేటప్పటికే తన జబ్బు పేరు తనే చెప్పేసింది. "కోడింగ్ వస్తుందన్నా, ఇంగ్లీష్‌లో ఎక్స్‌ప్లెయిన్ చెయ్యడమే రాదు. టెన్షన్‌లో నోరు పడిపోతుంది." మన వైపు పిల్లల్లో ఈ మాట చాలా మంది చెప్తారు. చాలాసార్లు నిజం కూడా. అయినా చూడకుండా ఒప్పుకోకూడదని ముందు అదే పరీక్షించాను. కోడ్ రాయమన్నాను. ఇది ఆమె రాసింది:

```python
def subsets(nums):
    nums.sort()
    res, path = [], []
    def go(start):
        res.append(path[:])
        for i in range(start, len(nums)):
            if i > start and nums[i] == nums[i-1]:
                continue
            path.append(nums[i])
            go(i + 1)
            path.pop()
    go(0)
    return res
```

ఎక్కడా తడబాటు లేదు. ఇప్పుడు ఆ `if` లైను ఎందుకో తెలుగులోనే చెప్పమన్నాను. ఆమె చెప్పింది ఇది: "i అనేది start కన్నా పెద్దదై, ముందు దానితో సమానమైతే, continue అన్నా." అంటే కోడ్‌ను తెలుగులో చదివింది, అంతే. తెలుగులో అడిగినా కారణం రాలేదంటే ఇబ్బంది ఇంగ్లీష్‌ది కాదు. కనీసం మొదటి ఇబ్బంది అది కాదు.

తర్వాత ఇంటర్వ్యూలో వచ్చిన ప్రశ్ననే తిప్పి అడిగాను. `i > 0` పెట్టి, ఇన్‌పుట్ `[1, 2, 2]` ఇస్తే ఏం వస్తుంది? రన్ చెయ్యకుండా చెప్పాలి. "డూప్లికేట్లు వచ్చేస్తాయన్నా" అంది వెంటనే.

నిజంగా జరిగేది దానికి పూర్తిగా ఎదురు. సరైన జవాబులు 6: `[]`, `[1]`, `[1,2]`, `[1,2,2]`, `[2]`, `[2,2]`. `i > 0` పెడితే 4 మాత్రమే వస్తాయి: `[]`, `[1]`, `[1,2]`, `[2]`. డూప్లికేట్ ఒక్కటీ రాదు. రెండు 2లు కలిసి ఉండాల్సినవే మాయమైపోతాయి. ఎందుకంటే రెండో 2 ఇండెక్స్ ఎప్పుడూ సున్నా కన్నా పెద్దదే, దాని ముందు ఎప్పుడూ ఇంకో 2 ఉంటుంది. కాబట్టి ఎక్కడికి వెళ్లినా దాన్ని కొట్టేస్తారు.

జవాబు తప్పు కావడం కన్నా అది ఎటువైపు తప్పు అన్నది నాకు ఎక్కువ పనికొచ్చింది. ఆమె దృష్టిలో ఆ లైను డూప్లికేట్లను ఆపే కంచె. కంచెను ముట్టుకుంటే డూప్లికేట్లు దూరతాయని ఆమె లెక్క. అది కొమ్మను కొట్టే లైను, ఎక్కువ కొడితే మంచి కొమ్మలూ పోతాయి అన్న చిత్రం ఆమె మనసులో లేదు. ఒక్కో ఎంపికా ఒక్కో కొమ్మగా చీలే ట్రీయే లేదు. కోడ్ ఉంది, జవాబుల లిస్టు ఉంది, మధ్యలో ఖాళీ.

ఇంకోటి కూడా బయటపడింది. పర్మ్యుటేషన్లలో డూప్లికేట్లు తీసేసే లైనును ఒకరోజు `not used[i-1]` అని రాసింది, ఇంకోరోజు `not` లేకుండా రాసింది. `used` అంటే ఏ వస్తువును ఇప్పటికే తీసుకున్నామో గుర్తుపెట్టే లిస్టు. ఏది సరైనదని అడిగితే "రెండూ యాక్సెప్ట్ అయ్యాయన్నా" అంది. మాట నిజమే, రెండూ సరైన జవాబులే ఇస్తాయి. బట్టీ పట్టిన లైనులో ఒక ముక్క జారిపోయినా ప్రాక్టీస్ చేసే సైటు పచ్చగా టిక్ పెట్టేసింది. అందుకే ఇన్నాళ్లూ ఈ ఖాళీ ఎవరి కంటా పడలేదు.

ముందు చేసినవి, అవి ఎందుకు చాలలేదు

ఆమె అడిగింది ఎక్స్‌ప్లనేషన్ కాబట్టి మొదట దాంతోనే మొదలుపెట్టాం. చిన్న చిన్న వాక్యాలతో ఒక స్క్రిప్టు. రెండు మూడు రోజుల్లో గడగడా చెప్పింది. అప్పుడు ప్రాబ్లమ్ కొద్దిగా మార్చి, ప్రతి అంకెనూ ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు అన్నాను. స్క్రిప్టు అక్కడే ఆగిపోయింది. నేర్చుకున్న వాక్యాల్లో ఆ సందర్భానికి వాక్యం లేదు మరి. కోడ్‌తో పాటు బట్టీ పట్టాల్సింది ఇంకోటి తయారైంది, అంతే.

తర్వాత ప్రింట్లు పెట్టాం. ప్రతి కాల్‌లోకి దిగేటప్పుడు, లోతును బట్టి ఖాళీ వదిలి, `path` ప్రింట్ చెయ్యడం. డీబగ్గర్‌లో ఒక్కో అడుగూ వేయడం. రికర్షన్ నేర్పేటప్పుడు అందరూ చేసేదే ఇది. ఏ కాల్ తర్వాత ఏ కాల్ వస్తుందో ఆమెకు దీంతో స్పష్టంగా తెలిసింది, `pop` దగ్గర భయం పోయింది. డూప్లికేట్ల విషయంలో మాత్రం ఒక్క అడుగూ ముందుకు పడలేదు.

కారణం ఆలోచిస్తే ట్రేస్ స్వభావంలోనే ఉంది. రికర్షన్ ముందు లోతుకు వెళ్తుంది. ఒకే తల్లి కింద పక్కపక్కన ఉండే రెండు కొమ్మల మధ్యలో, మొదటి కొమ్మ కింది సంసారమంతా ప్రింట్ అయిపోతుంది. నాలుగు వస్తువుల పర్మ్యుటేషన్లకు ఏదీ కొట్టెయ్యకపోతే ట్రేస్ 65 లైన్లు వస్తుంది. అందులో మొదటి మెట్టు మీద పక్కపక్కనే ఉండాల్సిన రెండు కొమ్మల మధ్య 15 లైన్లు ఉంటాయి. మనం పోల్చి చూడమనేది ఆ రెంటినే, స్క్రీన్ మీద దూరంగా ఉండేవీ ఆ రెండే. పైగా ట్రేస్‌లో తల్లీ బిడ్డా వరుస లైన్లలో కనిపిస్తారు. చూసేవాళ్ల కన్ను సహజంగా తప్పు జంటనే పట్టుకుంటుంది.

మధ్యలో ఆమె ఒక ఉపాయం చెప్పింది: "అన్నీ తయారుచేసి, టపుల్‌గా మార్చి సెట్‌లో వేసేస్తే పోదా అన్నా?" తెలివైన ఉపాయమే, జవాబు కూడా సరిగ్గా వస్తుంది. వద్దనలేదు. ఒక ప్రశ్న మాత్రం అడిగాను: పది ఒకట్లు ఇస్తే? జవాబు ఒక్కటే పర్మ్యుటేషన్. దానికోసం ఈ పద్ధతి 10! అంటే 36,28,800 వరుసలు తయారుచేసి, ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ పారేస్తుంది. ముందే కొట్టేస్తే వేరు కింద పది నోడ్లతో పని అయిపోతుంది. సబ్‌సెట్లలో తేడా ఇంత ఘోరంగా ఉండదు: 1024కు బదులు 11. ఈ సెట్ పద్ధతిని మేం పక్కన పెట్టలేదు. తను కొత్తగా రాసే ప్రతి కోడ్‌నూ చిన్న ఇన్‌పుట్ మీద దీంతో సరిచూసుకోమన్నాను. ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం ఇది జవాబు కాదు.

రెండు పెన్నులు

ఇక్కడ నిర్ణయం మార్చాను. కోడ్ మూసేసి, పెద్ద కాగితం మీద ట్రీ అడ్డంగా, మెట్టు మెట్టుగా గీయించాలి. ఒక మెట్టు మీదున్నవన్నీ ఒకే వరుసలో కనపడాలి. ఒకేలా ఉన్న రెండు వస్తువులకు రెండు రంగులు ఉండాలి, లేకపోతే ఏ 2 ఏదో తెలియదు. అంకెల బదులు మన ఊరి పేరే తీసుకున్నాను: తి, రు, ప, తి. నాలుగు అక్షరాలు, అందులో తి రెండుసార్లు. ఒక తి ఎర్ర పెన్నుతో, ఇంకో తి నీలం పెన్నుతో.

చిన్న జాగ్రత్త: దీన్ని కోడ్‌లో పెట్టేటప్పుడు `list("తిరుపతి")` అనకూడదు. పైథాన్ గుడులు, కొమ్ములు విడగొట్టేసి 7 ముక్కలు ఇస్తుంది. అక్షరాలు మనమే విడదీసి లిస్టుగా ఇవ్వాలి. సార్ట్ చేస్తే తి, తి, ప, రు అని వస్తాయి.

మొదట ఏమీ కొట్టెయ్యకుండా మొత్తం ట్రీ గీయమన్నాను. వేరు కింద నాలుగు కొమ్మలు: ఎర్ర తి, నీలం తి, ప, రు. చివర 24 ఆకులు. గీస్తూ ప్రతి నోడ్ దగ్గర మూడు ప్రశ్నలకు గట్టిగా నోటితో జవాబు చెప్పాలి. ఇప్పటిదాకా ఏం తీసుకున్నాం? ఇక్కడి నుంచి ఏమేం తీసుకోవచ్చు? ఇక్కడి నుంచి పైకి వెళ్లేటప్పుడు దేన్ని వదిలేసి, మళ్లీ ముందున్నట్టే చెయ్యాలి? మొదటిది కోడ్‌లో `path`, రెండోది లూప్, మూడోది `pop`. కోడ్ పేర్లు మాత్రం వాడకూడదని షరతు పెట్టాను. ఆ పేర్లు దొరికితే వాటి వెనక దాక్కోవచ్చు.

ట్రీ పూర్తయ్యాక పని ఇచ్చాను: రంగు మర్చిపోతే ఒకేలా కనిపించే కొమ్మలు వెతుకు. ఆకుల దగ్గర వెతకొద్దు, అవి ఎక్కడ వేరుపడడం మొదలైందో అక్కడ వెతుకు.

ఆమె కింది నుంచే మొదలుపెట్టింది, అందరూ అలాగే మొదలుపెడతారు. ఒకే మాట ఇచ్చే రెండు ఆకులు పట్టుకుని పైకి వెళ్లింది. ఇంకో జంట పట్టుకుని మళ్లీ పైకి. కాసేపటికి పెన్ను ఆపి, "ఎర్ర తి కిందున్నదంతా నీలం తి కింద మళ్లీ ఉందన్నా, పెన్నే మారింది" అంది. ఎర్ర తి కింద 6 ఆకులు, నీలం తి కింద 6 ఆకులు, అవే మాటలు. నీలం కొమ్మను మొదట్లోనే అడ్డంగా కొట్టేసింది.

ఇంకా ఉన్నాయా అన్నాను. ప కింద చూసింది. అక్కడ కూడా ఎర్ర తి, నీలం తి, రు అని మూడు కొమ్మలు. నీలాన్ని కొట్టేసింది, 2 ఆకులు పోయాయి. ప, రు కింద ఎర్రా నీలం పక్కపక్కన. మళ్లీ నీలం పోయింది, 1 ఆకు. రు వైపు కూడా ఇలాగే 2, 1. మొత్తం ఐదు చోట్ల కొట్టింది. పోయిన ఆకులు 6, 2, 1, 2, 1, అంటే 12. మిగిలినవి 12. 4!ను 2!తో భాగిస్తే వచ్చేదీ 12. లెక్క సరిపోయాక ఆమె ముఖంలో ధైర్యం వచ్చింది. నేను మాత్రం ఆపలేదు, అసలు ప్రశ్న ఇంకా అడగలేదు.

"ఎర్ర తి కింద నీలం తి ఉంది కదా, దాన్నెందుకు కొట్టలేదు?"

కాగితం వంక చూస్తూ చాలాసేపు ఉంది. తర్వాత అన్నది ఆమె మాటల్లోనే: "దాన్ని కొడితే రెండు తిలూ మొదట వచ్చే మాటలే ఉండవన్నా. అక్కడ నీలానికి పక్కన ఎర్రది లేదు. ఎర్రది పైన ఉంది."

ఇదే ఈ కేసులో మలుపు. నీలం తి దగ్గర నిలబడి ఎర్ర తి ఎక్కడుందో చూడాలి. పక్కన ఉంటే, అంటే ఇద్దరికీ తల్లి ఒకటే అయితే, నీలం కొమ్మ ఎర్ర కొమ్మకు నకలు. కొట్టెయ్యాలి. పైన ఉంటే, అంటే ఇప్పటికే తీసుకున్నదాంట్లో ఉంటే, నీలం రెండో తి అవుతుంది, దాన్ని ఉంచాలి.

కోడ్ లైను మళ్లీ పుట్టింది

ఇప్పుడు కోడ్ తెరిచి, ఆ మాటను కోడ్‌లో ఎలా అడుగుతావని అడిగాను. పాత లైనును గుర్తుచేసుకోవద్దన్నాను. ఎర్రది పైన ఉందా అంటే `used[i-1]` నిజమా అని. పైన లేకపోతే? ఇంకా వాడుకోవచ్చు కాబట్టి ఇదే లూప్‌లో ఇందాకే వెళ్లొచ్చింది, అంటే పక్కన ఉంది. అందుకని:

```python
for i in range(len(nums)):
    if used[i]:
        continue
    if i > 0 and nums[i] == nums[i-1] and not used[i-1]:
        continue
    used[i] = True
    path.append(nums[i])
    go()
    path.pop()
    used[i] = False
```

`not` ఎందుకుందో ఈసారి ఆమే చెప్పింది. సార్ట్ ఎందుకో కూడా చెప్పింది: ఒకేలాంటివి పక్కపక్కన చేరితేనే `i-1` ఒక్కదాన్ని అడిగితే చాలుతుంది. మరి ఆ `used` భాగమే తీసేసి, సమానమైతే కొట్టెయ్ అని మాత్రమే ఉంచితే? `[1, 1, 2]`కు ఏమొస్తుందని అడిగితే ఈసారి దిశ తప్పలేదు: "రెండో 1 ఎక్కడా దొరకదు. మూడు ఎప్పటికీ నిండవు. ఏమీ రాదన్నా." నిజమే, ఖాళీ లిస్టు వస్తుంది.

సబ్‌సెట్లలో `used` ఉండదు. అక్కడ పక్కన, పైన అన్న తేడాను `start` చెప్తుంది. లూప్ `start` నుంచి మొదలవుతుంది. `i` దానికన్నా పెద్దదైతే `i-1` కూడా ఇదే లూప్‌లో వచ్చి వెళ్లింది, అది పక్కనున్న కొమ్మ. `i` సరిగ్గా `start` అయితే `i-1` ఎవరు? మనల్ని `go(i + 1)` అని పిలిచిన కాల్ అప్పుడే తీసుకున్న వస్తువు, అంటే `path`లో చివరిది, తల్లి. `i > 0` అని రాస్తే తల్లినీ పక్కవాళ్లనూ ఒకే గాటన కట్టినట్టు. అందుకే `[1,2,2]`, `[2,2]` పోయాయి. ఇంటర్వ్యూలో ఆగిపోయిన ప్రశ్నకు జవాబు ఇదే, కాగితం మీద చూపిస్తే అర నిమిషం పని.

`not` లేని వెర్షన్ కూడా ఎందుకు పాసవుతుందో ఆమెకు తెలియాలనుకున్నాను. లేకపోతే "రెండూ ఒకటే" అన్న నమ్మకం అలాగే ఉండిపోతుంది. మూడు పెన్నులతో `[1, 1, 1]` గీయించాను. `not` ఉంటే ముందుది తీసుకున్నాకే తర్వాతది తీసుకోవాలి. వేరు కింద ఒకటే దారి, 3 నోడ్లు, చివర జవాబు. `not` లేకపోతే నియమం తిరగబడుతుంది: ముందుది పైన ఉంటే తర్వాతది తీసుకోకూడదు, అంటే చివరిది మొదట రావాలి. అలా వచ్చే వరుస కూడా ఒక్కటే కాబట్టి జవాబు సరిగ్గానే ఉంటుంది. కానీ మొదటి మెట్టులో మూడు కొమ్మలూ బతికే ఉంటాయి, రెండో మెట్టులో 4, వాటిలో ఒక్కటే చివరిదాకా వెళ్తుంది. మొత్తం 8 నోడ్లు. మిగతావి కొంత దూరం వెళ్లాక దారి మూసుకుపోయి వెనక్కి వస్తాయి. తప్పుదారి పడుతున్నట్టు మొదట్లోనే తెలియదు. "జవాబు ఒకటే, నడక ఎక్కువ" అని ఆమె తన నోట్సులో రాసుకుంది.

నోటితో చెప్పడం

స్క్రిప్టు పక్కన పెట్టాక ఇంగ్లీష్ జోలికి మళ్లీ వెళ్లలేదు, కావాలనే. ముందు హాస్టల్లో తన రూమ్మేట్‌కు, కోడింగ్ వాసన లేని బీకామ్ అమ్మాయికి, ఈ తిరుపతి ట్రీని తెలుగులో చెప్పి రమ్మన్నాను. అడ్డు ప్రశ్నలు వేయమని కూడా చెప్పమన్నాను. ఆ అమ్మాయి వేసిన ప్రశ్న ఒకటి మంచిది: "ఎర్రదాన్ని కొట్టేసి నీలం ఉంచుకోకూడదా?" ఉంచుకోవచ్చు. ప్రతి చోటా ఒకే నియమం పాటిస్తే చాలు. మా `not` చర్చంతా నిజానికి ఈ ప్రశ్నలోనే ఉంది.

ఇంగ్లీష్‌కు వచ్చేసరికి స్క్రిప్టు రాసుకోనివ్వలేదు. ట్రీ గీస్తూ, వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడాలి. వాక్యాలు పొట్టిగా, వ్యాకరణం అక్కడక్కడా జారుతూ వచ్చాయి. "దిస్ టూ అండ్ దట్ టూ, సేమ్ పేరెంట్. సో సేమ్ సబ్‌ట్రీ. ఐ కట్." వినేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ముందు స్క్రిప్టులో వాక్యాలు దీనికన్నా అందంగా ఉండేవి. కానీ మధ్యలో ప్రశ్న పడితే కూలిపోయేవి. ఇప్పుడు ప్రశ్న పడితే వేలు ఇంకో నోడ్ మీదికి వెళ్తుంది, మాట దాని వెంట వెళ్తుంది. మాట రావడం లేదన్న ఫిర్యాదు ఆ తర్వాత నేను వినలేదు.

ఒక అలవాటు మాత్రం గట్టిగా పట్టించాను. కోడ్ రాయకముందే ట్రీలో పై రెండు మెట్లు గీయాలి, అక్కడ కొట్టే ఒక కొమ్మను, కొట్టకూడని ఒక కొమ్మను చూపించాలి. చాలా మంది కొట్టేది మాత్రమే చూపిస్తారు. ఉంచేదాన్ని కూడా చూపిస్తే నియమం హద్దు ఎక్కడో అవతలివాళ్లకు అప్పుడే తెలిసిపోతుంది.

మూడో ప్రశ్న, వెనక్కి వెళ్లేటప్పుడు ఏం వదలాలన్నది, వేరే చోట పనికొచ్చింది. `res.append(path[:])` బదులు `res.append(path)` రాస్తే ఏమవుతుందని అడిగాను. "పైకి వెళ్లేటప్పుడు తీసుకున్నవన్నీ దించేస్తాం కదన్నా, చివరికి పాత్ ఖాళీ. మనం దాచింది ఆ పాత్‌నే. అన్నీ ఖాళీవే కనిపిస్తాయి." `[1,2,2]`కు ఆరు ఖాళీ లిస్టులు వస్తాయని లెక్కతో సహా చెప్పింది.

కొత్త చోట నిలబడిందా

అర్థమైందో లేదో చూడాలంటే నియమం పనిచెయ్యని ప్రాబ్లమ్ ఇవ్వాలి. ముందు సులువుది ఇచ్చాను: `[10,1,2,7,6,1,5]` నుంచి కూడితే 8 వచ్చే గుంపులు, ఒక్కోటి ఒక్కసారే వాడాలి. సార్ట్ చేసి, `i > start` తనే పెట్టింది. అంకె మిగిలిన మొత్తాన్ని దాటితే `continue` కాదు, `break` అని కూడా గమనించింది, సార్ట్ అయి ఉంది కాబట్టి ఆ తర్వాతవన్నీ ఇంకా పెద్దవే. నాలుగు జవాబులు వచ్చాయి: `[1,1,6]`, `[1,2,5]`, `[1,7]`, `[2,6]`.

తర్వాత అసలు పరీక్ష. `[4,7,6,7]`లో వరుస మార్చకుండా, తగ్గకుండా వెళ్లే ఉపవరుసలు, కనీసం రెండు అంకెలున్నవి. ఇక్కడ సార్ట్ చేస్తే ప్రాబ్లమే మారిపోతుంది, లేని `[4,6,7,7]` పుట్టుకొస్తుంది. సార్ట్ చెయ్యకుండా `i-1` చూస్తే రెండు 7లు పక్కపక్కన లేవు కాబట్టి ఏదీ ఆగదు, `[4,7]` రెండుసార్లు వస్తుంది.

ఆమె ముందు అలవాటు ప్రకారం `i-1` లైనే రాసింది. అడక్కుండానే పెన్నులు తీసి, 4 కింద కొమ్మలు గీసింది: ఎర్ర 7, 6, నీలం 7. "లిస్టులో పక్కన లేవన్నా, కానీ తల్లి ఒకటే." లైను కొట్టేసి ఇలా మార్చింది:

```python
def go(start):
    if len(path) >= 2:
        res.append(path[:])
    seen = set()
    for i in range(start, len(nums)):
        if nums[i] in seen:
            continue
        if path and nums[i] < path[-1]:
            continue
        seen.add(nums[i])
        path.append(nums[i])
        go(i + 1)
        path.pop()
```

`seen`ను ఫంక్షన్ బయట పెడితే ఏమని అడిగాను. బయట పెడితే ఒక్కటే సెట్ అందరికీ, పైన తీసుకున్న 7 కూడా కింది 7ను ఆపేస్తుంది, `[4,7,7]` పోతుంది అంది. అది `i > 0` చేసిన తప్పే, వేషం మారింది. రన్ చేస్తే ఆరు జవాబులకు బదులు రెండే వచ్చాయి: `[4,7]`, `[4,6]`.

ఈ `seen` పద్ధతి చెప్పడానికి తేలిక కాబట్టి అన్నిచోట్లా ఇదే వాడొచ్చా అని ఆమె అడిగింది. పర్మ్యుటేషన్లలో వాడొచ్చు, సార్ట్ అక్కర్లేదు కూడా. సబ్‌సెట్లలో మాత్రం సార్ట్ లేకుండా చాలదు. `[2,1,2]` ఇస్తే `[2,1]`, `[1,2]` రెండూ వస్తాయి. ఆ రెంటికీ తల్లి ఒకటి కాదు, వేర్వేరు కొమ్మల్లో పుట్టాయి. పక్కన చూసే నియమం వాటిని పట్టుకోలేదు. వాటిని ఆపేది సార్టే. ఈ సంగతి ఆమెకు ఒక పట్టాన ఎక్కలేదు, దీనికి కూడా ట్రీ గీశాకే ఒప్పుకుంది.

ఆ తర్వాత ఆమె వెళ్లిన ఇంటర్వ్యూలో బ్యాక్‌ట్రాకింగ్ అడగనే లేదు. కాబట్టి ఉద్యోగాన్ని ఈ పద్ధతి ఖాతాలో వెయ్యను. గ్రాఫ్ ప్రాబ్లమ్ వస్తే అక్కడా ముందు బొమ్మ గీసి, ఎక్కడికి వెళ్లకూడదో చూపించి మొదలుపెట్టానని చెప్పింది. ఎన్-క్వీన్స్ లాంటి వాటిలో ఇంకా ఇబ్బంది పడుతోంది. అక్కడ కొమ్మను కొట్టేది నకలైనందుకు కాదు, పైన పెట్టిన రాణితో తగాదా వచ్చినందుకు. చూడాల్సింది పక్కకు కాదు, పైకి. ఇప్పుడు ఆమెతో దాని మీదే కూర్చుంటున్నాం. కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రం కోడ్ రాయమనే ముందు `[1,2,2]`, `i > 0` ఇచ్చి ఏమొస్తుందో అడుగుతున్నాను. ఎక్కువ వస్తాయంటారా, తక్కువ వస్తాయంటారా అన్నదాన్ని బట్టి ట్రీ నుంచి మొదలుపెట్టాలో, నేరుగా మాట్లాడించాలో తేల్చుకుంటాను.